డబ్బు వెళ్లింది, జవాబు రాలేదు

బస్సు టికెట్ రద్దు చేసుకుంటే ఫోన్లో వెంటనే సందేశం వస్తుంది: మీ టికెట్ రద్దయింది, రీఫండ్ ప్రాసెస్ అవుతోంది. డబ్బు మాత్రం అంత తొందరగా రాదు. ఒకసారి నిమిషంలో పడుతుంది, ఒకసారి సాయంత్రానికి, ఒకసారి మర్నాటికి. ఈలోగా మన డబ్బు ఎవరి చేతిలో ఉన్నట్టు? అక్కడ లెక్క చూసే గుమాస్తా ఎవరూ లేరు. ఉన్నదల్లా ఒక చిన్న ప్రోగ్రాం. చేయాల్సిన పనుల జాబితాలోంచి ఒకటి తీసుకుంటుంది, చేస్తుంది, కుదరకపోతే కాసేపు ఆగి మళ్లీ చేస్తుంది, చివరికి ఏమైందో రాసిపెడుతుంది. ఆ జాబితాని క్యూ అంటారు. ఆ ప్రోగ్రాంని వర్కర్ అంటారు.

వినడానికి ఇంతే కాబట్టి, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు కూడా దీన్ని ఒక మధ్యాహ్నంలో రాసేయగలడు. ఏదీ చెడిపోనంత కాలం అది చక్కగానే నడుస్తుంది. కానీ సర్వర్లు ఆగిపోతాయి, నెట్‌వర్క్ తెగిపోతుంది, బ్యాంకు రాత్రిపూట మెయింటెనెన్స్ పెట్టుకుంటుంది. వర్కర్ సరిగ్గా పని మధ్యలో ఉండగా ఇలాంటిది జరిగితే, ఆ పని అయినట్టా, కానట్టా? ఈ ఒక్క ప్రశ్నకు ముందే జవాబు ఆలోచించి పెట్టుకున్న ప్రోగ్రాంకీ, పెట్టుకోని ప్రోగ్రాంకీ మధ్య తేడా ప్రయాణికుల ఖాతాల్లో తెలుస్తుంది. ఒకరికి రీఫండ్ అసలు రాదు, ఇంకొకరికి రెండుసార్లు వస్తుంది.

ఒక ప్రైవేటు బస్సుల సంస్థను ఊహించుకుందాం. ఒక ప్రయాణికురాలు విజయవాడ నుంచి హైదరాబాదుకు తీసుకున్న 640 రూపాయల టికెట్ రద్దు చేసుకుంది. ఆ రీఫండ్ పనికి సంస్థ డేటాబేసులో 4812 అనే నంబరు పడింది. ఈ ఒక్క పని వెంట నడుస్తూ వెళ్దాం.

మొదటి జాగ్రత్త వర్కర్ నిద్రలేవకముందే తీసుకోవాలి. రద్దు బటన్ నొక్కగానే డేటాబేసులో రెండు మార్పులు జరగాలి. టికెట్ రద్దయినట్టు ఒక చోట, రీఫండ్ పని జాబితాలో చేరినట్టు మరో చోట. మొదటిది రాశాక రెండోది రాసేలోపు కరెంటు పోతే, సీటూ పోయింది, డబ్బూ రాదు. పైగా అలాంటి రీఫండ్ ఒకటి ఉండాల్సిందని ఎక్కడా ఆనవాలు కూడా ఉండదు. అందుకే రెంటినీ ఒకే ట్రాన్సాక్షన్లో రాస్తారు. రాస్తే రెండూ రాసినట్టు, లేదంటే ఏదీ రాయనట్టు. క్యూని వేరే సర్వీసులో పెట్టుకోకుండా, టికెట్లు ఉన్న డేటాబేసులోనే ఒక టేబుల్‌గా పెట్టుకోవడంలో పెద్ద సుఖం ఇదే. రోజుకు కొన్ని లక్షల పనులు దాటని సంస్థకు అదే సరిపోతుందని నా అభిప్రాయం. మన ఉదాహరణలో కూడా పోస్ట్‌గ్రెస్ డేటాబేసునే క్యూగా వాడుకుందాం.

ఒక పని, ఒక చేయి

వర్కర్లు సాధారణంగా ఒకటి కాదు, అయిదారు నడుస్తుంటాయి. అన్నీ ఒకే జాబితా చూస్తుంటాయి. 'ఎ' అనే వర్కర్ 4812 ఖాళీగా ఉందని చూసి, తీసుకున్నట్టు గుర్తు పెట్టేలోపే 'బి' కూడా అదే ఖాళీగా ఉందని చూడొచ్చు. చూడటం, గుర్తు పెట్టడం వేర్వేరుగా జరిగినంత కాలం ఈ సందు మూసుకోదు. కాబట్టి రెండూ ఒకే ఆజ్ఞలో జరగాలి.

```sql
UPDATE jobs
SET state = 'running',
    attempts = attempts + 1,
    lease_until = now() + interval '60 seconds'
WHERE id = (
  SELECT id FROM jobs
  WHERE (state = 'queued' AND run_at <= now())
     OR (state = 'running' AND lease_until < now())
  ORDER BY run_at
  LIMIT 1
  FOR UPDATE SKIP LOCKED
)
RETURNING id, payload, attempts;
```

ఇందులో కీలకమంతా చివరి వైపున్న `SKIP LOCKED` అన్న రెండు మాటల్లో ఉంది. ఒక వరసను మరో వర్కర్ అప్పటికే పట్టుకుని ఉంటే, అది వదిలేదాకా కాచుకుని కూర్చోకుండా, దాన్ని దాటేసి తర్వాతి వరస తీసుకోమని దాని అర్థం. ఇది లేకపోతే అయిదు వర్కర్లూ జాబితాలో మొదటి పని దగ్గరే ఒకదాని వెనక ఒకటి నిలబడిపోతాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఈ సదుపాయం 9.5 వెర్షన్‌తో, 2016 జనవరిలో వచ్చింది. డేటాబేసును క్యూగా వాడొద్దన్న పాత సలహాకు అప్పటినుంచి బలం తగ్గింది.

రెండో సంగతి `lease_until`. పని తీసుకున్న వర్కర్‌కు అది శాశ్వతంగా రాసిచ్చేయడం లేదు, 60 సెకన్లకు కౌలుకు ఇస్తున్నాం. ఆ గడువులోపు ఏదో ఒకటి తేల్చి రాయకపోతే, వర్కర్ పోయిందనుకుని మరొకటి ఆ పని తీసుకుంటుంది. `OR` తర్వాత ఉన్న షరతు అదే. గడువు ఎప్పుడు ముగిసిందో తేల్చేది వర్కర్ గడియారం కాదు, డేటాబేసు గడియారం. వేర్వేరు సర్వర్ల గడియారాలు కొన్ని సెకన్లు అటూఇటూ ఉండటం మామూలే కనుక ఒకే గడియారాన్ని నమ్మాలి.

60 సెకన్లే ఎందుకు? బ్యాంకును పిలిచి జవాబు కోసం 15 సెకన్లు చూస్తాం అనుకుందాం. గడువు దానికి మూడు నాలుగు రెట్లయినా ఉండాలి, లేకపోతే బతికే ఉన్న వర్కర్ చేతిలోంచి పని లాక్కున్నట్టవుతుంది. మరీ ఎక్కువ పెడితే, నిజంగా చచ్చిపోయిన వర్కర్ చేతిలోని పనులు అంతసేపూ కదలకుండా పడుంటాయి. వీడియో మార్చడం లాంటి అరగంట పనులైతే వర్కర్ మధ్యమధ్యలో గడువు పొడిగించుకుంటూ ఉండాలి. అమెజాన్ వారి ఎస్‌క్యూఎస్ క్యూ సర్వీసులో కూడా ఇదే ఏర్పాటు ఉంది. మనమేమీ చెప్పకపోతే గడువు 30 సెకన్లు, గరిష్ఠంగా 12 గంటల దాకా పెంచుకోవచ్చు.

పని తీసుకున్న ఆ చిన్న ట్రాన్సాక్షన్ వెంటనే ముగిసిపోవాలి. దాన్ని తెరిచి ఉంచి బ్యాంకుతో మాట్లాడే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. పైకి సురక్షితంగానే అనిపిస్తుంది. కానీ బ్యాంకు నెమ్మదించిన రోజున తెరిచిన ట్రాన్సాక్షన్లు పేరుకుపోయి డేటాబేసు కనెక్షన్లన్నీ అయిపోతాయి, టికెట్లు అమ్మే పని కూడా ఆగిపోతుంది.

మూడో జవాబు

వర్కర్ 'ఎ' ఇప్పుడు బ్యాంకును పిలిచి 640 రూపాయలు పంపమంది. అయింది అనో, కాదు అనో జవాబు వస్తే ఇబ్బంది లేదు. అసలు జవాబే రాకపోతే? కోరిక బ్యాంకుకు చేరకముందే తెగిపోయి ఉండొచ్చు. చేరి, డబ్బు వెళ్లిపోయి, తిరుగు జవాబు దారిలో పోయి ఉండొచ్చు. వర్కర్ కూర్చున్న చోటునుంచి ఈ రెండూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి.

ఇంకాస్త తెలివిగా రాస్తే ఇది తీరుతుందని అనుకోవద్దు. సందేశాలు దారితప్పే అవకాశం ఉన్నంతవరకు, ఎన్నిసార్లు అటూఇటూ కబురంపుకున్నా ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారన్న పూర్తి నిశ్చయం రాదు. 1975లో అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ అనే ముగ్గురు తమ పరిశోధనా పత్రంలో దీన్ని చూపించారు. మూడేళ్ల తర్వాత డేటాబేసు శాస్త్రజ్ఞుడు జిమ్ గ్రే దీనికి ఇద్దరు సేనాపతుల కథ తొడిగాడు. ఇప్పుడు కంప్యూటర్ సైన్సు విద్యార్థులందరూ ఆ పేరుతోనే చదువుకుంటారు.

మన దేశంలో యూపీఐ వాడేవాళ్లకి ఈ మూడో జవాబు బాగా పరిచయమే. డబ్బు కట్ అవుతుంది, తెర మీద పెండింగ్ అని ఉంటుంది, అవతలివారు రాలేదంటారు. పంపినవారి ఖాతాలో తగ్గి, అందుకోవాల్సినవారి ఖాతాలో పడని డబ్బును మర్నాటికల్లా దానంతటదే వెనక్కి వేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఆదేశించింది. ఇలాంటి స్థితి ఎప్పటికీ పూర్తిగా పోదని తెలుసు కాబట్టే, అది ఎంతసేపు ఉండొచ్చో గడువు పెట్టారు.

వర్కర్ రాసేవాళ్లు చేసే పెద్ద తప్పు, జవాబు రాకపోవడాన్ని విఫలమైనట్టుగా రాసేయడం. విఫలమైంది అనుకుంటే మళ్లీ పంపుతాం, ప్రయాణికురాలికి 1280 రూపాయలు చేరతాయి. పోనీ భయపడి మళ్లీ పంపడమే మానేస్తే, మొదటిసారి చేరకపోయిన సందర్భంలో ఆమెకు ఏమీ రాదు. బయటపడే దారి ఒకటే: మళ్లీ పంపాలి, కానీ రెండోసారి పంపినా ఒకసారి పంపిన ఫలితమే వచ్చేలా చూసుకోవాలి.

దానికి ప్రతి కోరికతో పాటు ఒక గుర్తు పంపుతారు. 4812 నంబరు పనికి `refund-4812` అనుకుందాం. బ్యాంకు లేదా పేమెంట్ సంస్థ ఆ గుర్తును రాసిపెట్టుకుంటుంది. అదే గుర్తుతో మరోసారి కోరిక వస్తే డబ్బు మళ్లీ పంపదు, మొదటిసారి ఇచ్చిన జవాబునే తిరిగి ఇస్తుంది. ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ప్రతి ప్రయత్నానికీ అప్పటికప్పుడు ఒక కొత్త గుర్తు పుట్టిస్తారు. అలా చేస్తే ఈ రక్షణ పెట్టీ పెట్టనట్టే. గుర్తు ప్రయత్నానిది కాదు, పనిది. పని జాబితాలో చేరినప్పుడే పుట్టాలి, పని ముగిసేదాకా మారకూడదు.

ఈ గుర్తుకూ వయసు ఉంటుంది. స్ట్రైప్ అనే పేమెంట్ సంస్థ ఇలాంటి గుర్తులను కనీసం 24 గంటలు ఉంచి ఆ తర్వాత తీసేయవచ్చని తన పత్రాల్లో చెబుతుంది. అంటే, అయిదు రోజులుగా మూలన పడున్న పనిని ఒక ఉద్యోగి చూసి "అయ్యో, ఇది వెళ్లలేదే" అని బటన్ నొక్కితే, గుర్తు పాతదే అయినా బ్యాంకుకు అది కొత్తది. రెండోసారి డబ్బు వెళ్లిపోతుంది. అందుకని పాత పనిని తిరిగి నడిపే ముందు స్టేటస్ అడిగి తీరాలి, ఈ గుర్తుతో మునుపు ఏమైనా జరిగిందా అని. అవతలివారు గుర్తునూ ఒప్పుకోక, స్టేటస్ కూడా చెప్పనివారైతే, డబ్బు విషయంలో వర్కర్ తనంతట తాను మళ్లీ ప్రయత్నించకూడదు. ఆ పనిని మనిషికి అప్పగించాలి. అదే ఎస్సెమ్మెస్ పంపే పని అయితే ఇంత బాధ అక్కర్లేదు. టికెట్ రద్దయిందన్న సందేశం రెండుసార్లు వచ్చినా ఎవరికీ నష్టం లేదు.

ఆలస్యంగా మేలుకున్న వర్కర్

ఇప్పుడు 4812 కథలో అసలు చిక్కు చూద్దాం. ఉదయం సరిగ్గా 10 గంటలకు వర్కర్ 'ఎ' పని తీసుకుంది. `attempts` విలువ 1 అయింది, గడువు 10:01 దాకా. రెండో సెకనులో బ్యాంకును పిలిచింది. మూడో సెకనులో 'ఎ' ఉన్న మెషీన్ మొత్తం స్తంభించింది. క్లౌడ్ కంపెనీ ఒక వర్చువల్ మెషీన్‌ను వేరే సర్వర్ మీదికి మార్చేటప్పుడు, లేదా మెమరీ చాలక డిస్కు మీద అల్లాడుతున్నప్పుడు ఇలా జరగడం ఉంది. నాలుగో సెకనులో బ్యాంకు డబ్బు పంపేసింది. ఆ జవాబు అందుకునేవారు లేరు.

గడువు ముగిసింది. 10:01 దాటి అయిదు సెకన్లకు వర్కర్ 'బి' ఆ పనిని తీసుకుంది, `attempts` 2 అయింది. అదే గుర్తుతో బ్యాంకును పిలిచింది. బ్యాంకు డబ్బు మళ్లీ పంపకుండా, పాత జవాబే ఇచ్చింది: 640 రూపాయలు వెళ్లాయి. 'బి' అయిపోయినట్టు రాసింది. ప్రయాణికురాలికి మీ డబ్బు పంపాం అని సందేశం వెళ్లింది. అంతా సవ్యం.

10:01:20కి 'ఎ' మేలుకుంది. మధ్యలో తాను ఆగిపోయిన సంగతి దానికి తెలియదు. దాని దృష్టిలో బ్యాంకును ఇప్పుడే పిలిచింది, 15 సెకన్లు దాటినా జవాబు రాలేదు. కాబట్టి తనకు నేర్పిన ప్రకారం, 4812ని మళ్లీ ప్రయత్నించాల్సిన జాబితాలో పెట్టమని రాయబోతుంది. రాయనిస్తే ఏమవుతుంది? పూర్తయిన పని మళ్లీ క్యూలోకి వస్తుంది. డబ్బు పంపాం అన్న సందేశం చూసుకున్న ప్రయాణికురాలికి యాప్‌లో ఇంకా ప్రాసెస్ అవుతోందని కనిపిస్తుంది. కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే వాళ్లకు కనిపించేదీ అదే.

స్టేటస్ తిరిగి రాసేటప్పుడు జాగ్రత్త కావాలనేది ఇందుకే. ఎవరు పడితే వారు రాయడానికి వీల్లేదు. ఇప్పటికీ పని తన చేతిలోనే ఉన్న వర్కర్ మాత్రమే రాయగలగాలి.

```sql
UPDATE jobs
SET state = 'done', finished_at = now()
WHERE id = 4812
  AND state = 'running'
  AND attempts = 2;
```

'బి' ఇలా రాసింది, ఒక వరస మారింది. 'ఎ' రాసే ఆజ్ఞలో మాత్రం `attempts = 1` అని ఉంటుంది. అలాంటి వరస ఇప్పుడు లేదు. డేటాబేసు తప్పు అని అరవదు, సున్నా వరసలు మారాయి అని మాత్రం చెబుతుంది. ఆ సున్నాను వర్కర్ పట్టించుకోవాలి: ఈ పని ఇక నాది కాదు, నా దగ్గరున్న ఫలితాన్ని పారేసి తర్వాతి పని చూసుకోవాలి. నేను చూసిన వర్కర్ ప్రోగ్రాముల్లో ఎక్కువగా లేనిది ఈ ఒక్క పరీక్షే. రాస్తారు, ఎన్ని వరసలు మారాయో చూడరు. ఈ సున్నాలు రోజుకు ఎన్ని వస్తున్నాయో లెక్క పెట్టుకుంటే మరో లాభం కూడా ఉంది. అవి పెరుగుతున్నాయంటే గడువు చాలడం లేదన్నమాట, లేదా మెషీన్లు స్తంభిస్తున్నాయన్నమాట.

ఈ పరీక్ష కాపాడేది మన టేబుల్‌ను మాత్రమే. 'ఎ' పంపిన కోరిక దారిలో నలిగి, 'బి' పని ముగించాక బ్యాంకుకు చేరితే దాన్ని ఆపగలిగేది `refund-4812` అన్న గుర్తు ఒక్కటే. ఒకటి ఇంట్లో లెక్కను కాపాడుతుంది, మరొకటి బయట డబ్బును కాపాడుతుంది. ఒకటి ఉంది కదా అని రెండోది మానేయడం కుదరదు.

ఎప్పుడు మళ్లీ, ఎప్పుడు ఇక చాలు

ఖాతా మూసేశారు, ఖాతా నంబరు తప్పు వంటి జవాబులు వస్తే మళ్లీ ప్రయత్నించడం దండగ. వందసార్లు పంపినా అదే జవాబు. ఆ పనిని వెంటనే పక్కన పెట్టి ప్రయాణికురాలిని వేరే ఖాతా అడగాలి. సర్వర్ తీరిక లేదు, కాసేపాగి రండి అన్న తరహా జవాబులు, అసలు రాని జవాబులు మాత్రమే మళ్లీ ప్రయత్నించదగ్గవి. వెబ్ భాషలో 429, 503 అన్న సంఖ్యలు మొదటి రకం. ఎంతసేపాగాలో కూడా అవతలి సర్వర్ చెబితే ఆ మాట వినాలి.

చెప్పకపోతే ఎంత ఆగాలి? ప్రతిసారీ వెంటనే తలుపు తడితే, అసలే నలిగిపోయి ఉన్న బ్యాంకు సర్వర్ ఇంకా నలిగిపోతుంది. అందుకని ప్రతి ఓటమికీ ఆగే సమయాన్ని రెట్టింపు చేస్తారు: 10 సెకన్లు, 20, 40, 80, అలా అరగంట దాకా, ఆపైన అరగంటకొకసారి. ఇది కొత్త ఆలోచన కాదు. ఒకే తీగ మీద అనేక కంప్యూటర్లు మాట్లాడుకునే ఈథర్నెట్‌ను వివరిస్తూ మెట్కాఫ్, బాగ్స్ 1976లో రాసిన పత్రంలోనే ఉంది. ఢీకొన్న ప్రతిసారీ ఆగే వ్యవధిని రెట్టింపు చేసి, ఆ వ్యవధిలో ఏదో ఒక క్షణాన్ని లాటరీ తీసినట్టు ఎంచుకోమన్నారు.

ఆ లాటరీ ఎందుకంటే, తుఫాను హెచ్చరిక వచ్చి ఒక రాత్రి కోస్తా బస్సులన్నీ రద్దయ్యాయనుకోండి. 3,000 రీఫండ్లు ఒకేసారి క్యూలో పడతాయి, బ్యాంకు అప్పుడే మొరాయిస్తుంది. అన్నీ కచ్చితంగా 10 సెకన్లాగితే, పదో సెకనులో 3,000 మళ్లీ ఒకేసారి మీద పడతాయి. ఆపైన ఇరవయ్యో సెకను తర్వాత కూడా అంతే. రెట్టింపు చేయడం గుంపును వెనక్కి నెడుతుందే తప్ప విడదీయదు. విడదీసేది యాదృచ్ఛికతే.

```python
limit = min(1800, 10 * 2 ** (attempts - 1))
delay = random.uniform(0, limit)
```

వర్కర్ ఇంతసేపూ నిద్రపోతూ కూర్చోదు. పని వరసలో `state`ను మళ్లీ `queued` చేసి, `run_at`ను అంత ముందుకు జరిపి, వేరే పని తీసుకుంటుంది. ఈ రాతలోనూ `attempts` పరీక్ష ఉండాల్సిందే.

ఎన్నిసార్లు ప్రయత్నించాలన్నది చాలామంది చేతికొచ్చిన అంకె వేసి వదిలేస్తారు. ఒకసారి కూడి చూడండి. ఎనిమిది ప్రయత్నాలంటే మధ్యలో ఏడు విరామాలు. పది సెకన్లతో మొదలై రెట్టింపవుతూ అవన్నీ కలిపినా 1,270 సెకన్లు, అంటే 21 నిమిషాలు. లాటరీ వల్ల సగటున అందులో సగమే. బ్యాంకు రాత్రి రెండు గంటలు మెయింటెనెన్స్ పెట్టుకుంటే, పావుగంటలోపే మన వర్కర్ చాలా పనుల మీద ఆశ వదిలేసుకుంటుంది, పొద్దున్నే ఉద్యోగులు వందల పనులను చేత్తో తిరిగి నడపాలి. 20 ప్రయత్నాలు పెడితే విరామాల మొత్తం గరిష్ఠంగా ఆరు గంటల పైచిలుకు, సగటున మూడు గంటలు. రెండు గంటల మెయింటెనెన్స్ మామూలుగా దాటిపోతుంది, 24 గంటల గుర్తు వయసు లోపలా ఉంటుంది. నేనైతే 20 పెడతాను.

ఇక్కడే మరో చిక్కు. కొన్ని పనులు వర్కర్‌నే చంపేస్తాయి. ఒక పాత టికెట్ రికార్డు పాడైపోయి, దాన్ని చదవబోయిన వర్కర్ మెమరీ అంతా మింగి కూలిపోతుందనుకుందాం. కూలిపోయిన వర్కర్ నేను ఓడిపోయాను అని రాయలేదు. గడువు ముగిశాక 'బి' ఆ పని తీసుకుంటుంది, కూలిపోతుంది. తర్వాత 'సి'. ప్రయత్నాల లెక్కను ఓటమి రాసేటప్పుడు పెంచే పద్ధతిలో అయితే ఈ పనికి లెక్క ఎప్పటికీ సున్నాయే, వర్కర్లను ఒక్కొక్కటిగా తింటూనే ఉంటుంది. పైన పని తీసుకునే ఆజ్ఞలోనే `attempts`ను ఒకటి పెంచింది ఇందుకోసమే. పని చేతికి రాగానే వర్కర్ ముందు ఆ అంకె చూస్తుంది. 20 దాటితే లోపలికి తొంగిచూడకుండా దాన్ని `dead` అని గుర్తు పెట్టి పక్కన పడేస్తుంది.

అలా పక్కన పడినవాటిని చూసే మనిషి ఒకరుండాలి. వాటి పక్కన చివరి తప్పు ఏమిటో, బ్యాంకు ఇచ్చిన రెఫరెన్సు నంబరు ఏమైనా ఉందో రాసి ఉండాలి. ఎవరూ చూడని ఆ జాబితాలో ఉన్నవి పాడైపోయిన వరసలు కావు, ఎవరికో రావాల్సిన డబ్బులు.

చూసేవాళ్లకు ఏం చెప్పాలి

ప్రయాణికురాలికి చూపే స్టేటస్ నిజం చెప్పాలి. బ్యాంకు జవాబు రానప్పుడు "విఫలమైంది" అని చూపిస్తే ఆమె మళ్లీ దరఖాస్తు పెడుతుంది, ఆ కొత్త దరఖాస్తుకు కొత్త నంబరు, కొత్త గుర్తు పడతాయి, ఇంతసేపూ కట్టిన రక్షణ పక్కదారిలో కూలిపోతుంది. "బ్యాంకు నుంచి ధ్రువీకరణ రావాలి" అన్నదే సరైన మాట. వర్కర్‌ను నడిపే ఉద్యోగులు చూడాల్సిన అంకె వేరు. క్యూలో ఎన్ని పనులున్నాయన్నది అంతగా ఏమీ చెప్పదు. తుఫాను రోజున 3,000 ఉండొచ్చు, అవి చకచకా కరిగిపోతుండొచ్చు. వంతు వచ్చాక కూడా అన్నిటికంటే ఎక్కువసేపు ఎదురుచూస్తున్న పని వయసెంత అన్నది చూడాలి. క్యూలో నాలుగే పనులున్నా అందులో ఒకటి మూడు గంటలుగా ఉంటే, ఎక్కడో ఏదో ఆగిపోయింది.

కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు వర్కర్‌ను ఆపాల్సి వస్తుంది. ఆగమన్న సంకేతం అందగానే అది కొత్త పని తీసుకోవడం మానేసి, చేతిలోది ముగించుకోవాలి. కుబర్నెటీస్ లాంటి వ్యవస్థ మామూలుగా దీనికి 30 సెకన్లు ఇచ్చి, ఆపైన బలవంతంగా చంపేస్తుంది. మన బ్యాంకు పిలుపుకు 15 సెకన్లే కాబట్టి సరిపోతుంది. సరిపోకపోయినా కొంపలు మునగవు. మధ్యలో చచ్చినా లెక్క తప్పకుండా ఉండేలాగే ఇదంతా కట్టాం కదా.

కట్టామో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఉత్తుత్తి బ్యాంకు ఒకటి రాసుకుని, అది డబ్బు పంపినట్టు నమోదు చేసుకున్న తర్వాత, వర్కర్ ఇంకా స్టేటస్ రాయకముందు, `kill -9` తో వర్కర్‌ను చంపండి. గడువు ముగిసేదాకా ఆగండి. రెండో వర్కర్ పని ముగించాక బ్యాంకు లెక్కలో ఒకే చెల్లింపు ఉండాలి, టేబుల్లో `done` అని ఉండాలి, `attempts` 2 ఉండాలి. తర్వాత చంపడానికి బదులు `kill -STOP` తో స్తంభింపజేసి, రెండో వర్కర్ ముగించాక `kill -CONT` తో మేల్కొలపండి. పాత వర్కర్ రాసిన రాత సున్నా వరసలు మార్చాలి. మీ సంస్థలో డబ్బు పంపే వర్కర్ ఏదైనా నడుస్తుంటే, ఈ రెండు పరీక్షలూ దాని మీద ఎప్పుడైనా చేశారో లేదో ఈ వారమే అడిగి తెలుసుకోండి.